చివరి సెమిస్టర్‌లో కోర్సు రద్దయితే: అమెరికాలో ఎం.ఎస్. విద్యార్థి డిగ్రీ గడువు దాటకుండా ఉండే దారులు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో కోర్సు రద్దయిన సంగతి విద్యార్థికి చాలావరకు తరగతులు మొదలవడానికి వారం పది రోజుల ముందు, ఒక్కోసారి మొదలైన తొలి వారంలోనే తెలుస్తుంది. తగినంత మంది నమోదు కానందున కోర్సును రద్దు చేశామని, మరొకటి ఎంచుకోవాలని చెప్పే చిన్న మెయిల్ వస్తుంది. మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఇది చికాకు మాత్రమే. చివరి సెమిస్టర్‌లో ఉన్నవారికి అలా కాదు. ఎఫ్-1 వీసా హోదా, చదువు తరువాత ఉద్యోగం చేసుకోవడానికి వీలిచ్చే ఓపీటీ, కంపెనీ ఇచ్చిన చేరిక తేదీ, ఇంటి దగ్గర తీసుకున్న విద్యారుణం కంతులు మొదలయ్యే నెల, అన్నీ డిగ్రీ పూర్తయ్యే తేదీ మీదే నిలబడి ఉంటాయి. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను, అందులోనూ కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.ను ఉదాహరణగా తీసుకుంటే, ఈ చిక్కు ఎక్కడ పుడుతుందో, ఎలా విడుతుందో స్పష్టంగా చూడవచ్చు.

రద్దు నిర్ణయం ప్రొఫెసర్ ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉండదు. టెక్సాస్ విద్యా చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీ స్థాయిలో పదిమందికి తక్కువగా, పీజీ స్థాయిలో ఐదుగురికి తక్కువగా ఉన్న తరగతి ‘చిన్న తరగతి’ కిందికి వస్తుంది. అలాంటి తరగతిని నడపాలంటే విభాగం కారణం చూపించాలి. చాలా విభాగాలు తమ బడ్జెట్‌ను బట్టి ఇంతకంటే ఎక్కువ సంఖ్యనే కనీసంగా పెట్టుకుంటాయి. అయితే రాష్ట్ర నిబంధనలు గుర్తిస్తూ వచ్చిన కారణాలలో విద్యార్థికి నేరుగా పనికివచ్చేది ఒకటి ఉంది. ఆ కోర్సు డిగ్రీకి తప్పనిసరి అయి, ప్రతి సెమిస్టర్‌లోనూ లేనిదై, రద్దు చేస్తే చేరినవారి పట్టా తేదీ వెనక్కి పోయే పరిస్థితి ఉంటే, తక్కువ మందితోనైనా దానిని నడపవచ్చు.

ఈ వెసులుబాటును వాడుకునే విద్యార్థులు తక్కువ, ఎందుకంటే అది రద్దుకు ముందే పని చేస్తుంది. ఒకసారి ఆ ప్రొఫెసర్‌ను మరో తరగతికి కేటాయించి, గదిని మరొకరికి ఇచ్చేశాక నిర్ణయాన్ని వెనక్కి తిప్పడం విభాగాధిపతికి కూడా కష్టం. అందువల్ల సెమిస్టర్ మొదలవడానికి మూడు వారాల ముందు నుంచి ఆన్‌లైన్ టైంటేబుల్‌లో తమ కోర్సులో ఎంతమంది చేరారో చూస్తూ ఉండాలి. మొదటిసారి పెడుతున్న కోర్సు, అధ్యాపకుని పేరు ఇంకా ఖరారు కాని కోర్సు, బాగా ప్రత్యేకమైన అంశం మీద ఉన్న కోర్సు ఈ విషయంలో ముందుగా అనుమానించదగినవి. నలుగురో ఐదుగురో మాత్రమే కనిపిస్తే, వారిలో ఎవరెవరు ఈ సెమిస్టర్‌తో చదువు ముగిస్తున్నారో తెలుసుకుని, వారి పేర్లు, పట్టా పొందే సెమిస్టర్, డిగ్రీలో ఆ కోర్సు తీర్చే అవసరం స్పష్టంగా రాసి విభాగాధిపతికి ఉమ్మడిగా ఒక మెయిల్ పంపడం మంచిది. కోర్సు ఉంచమని అడిగే వినతికి ఉన్న బలం కంటే, ‘ఇద్దరి పట్టా దీనిమీద ఆధారపడి ఉంది’ అనే వాస్తవానికి ఉన్న బలం ఎక్కువ.

అయినా కోర్సు రద్దయిందనుకుందాం. అప్పుడు చాలామంది చేసే మొదటి పని అదే పేరుతోనో, అదే అంశం మీదో మరో కోర్సు కోసం వెతకడం. ఆ వెతుకులాట తప్పు చోట మొదలవుతుంది. డిగ్రీ లెక్కలో కోర్సు పేరుకు విలువ లేదు, అది ఏ అవసరాన్ని తీరుస్తుందన్నదే ముఖ్యం. ఎం.ఎస్. డిగ్రీ ప్లాన్‌లో సాధారణంగా తప్పనిసరి కోర్ కోర్సులు కొన్ని, ‘ఈ జాబితాలోంచి ఇన్ని’ అని చెప్పే గ్రూపు కోర్సులు కొన్ని, విద్యార్థి ఇష్టానికి వదిలిన ఎలెక్టివ్‌లు కొన్ని ఉంటాయి. పోయిన కోర్సు ఎలెక్టివ్ అయితే సమస్య దాదాపు లేనట్టే. గ్రూపు కోర్సు అయితే ప్రత్యామ్నాయం ఆ జాబితాలోంచే రావాలి. కోర్ కోర్సు అయితే విభాగం అనుమతి లేకుండా మరేదీ దాని స్థానంలోకి రాదు. కాబట్టి కోర్సుల జాబితా తెరవడానికి ముందు, డిగ్రీకి కావలసిన అవసరాల్లో ఏవి తీరాయో వరుసలుగా చూపే డిగ్రీ ఆడిట్ తెరిచి, ఏ వరుస ఖాళీ అయిందో చూడాలి.

ఒక ఉదాహరణను వివరంగా తీసుకుందాం. ఒక విద్యార్థి 33 క్రెడిట్ల ఎం.ఎస్.లో 27 క్రెడిట్లు పూర్తి చేశాడు. స్ప్రింగ్ సెమిస్టర్‌లో మిగిలినవి రెండు కోర్సులు, ఆరు క్రెడిట్లు. ఒకటి సిస్టమ్స్ గ్రూపు కింద రావలసిన డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, రెండోది ఎలెక్టివ్‌గా తీసుకున్న నెట్‌వర్క్ సెక్యూరిటీ. సెక్యూరిటీ తరగతి మంగళ, గురువారాల్లో సాయంత్రం 5:30 నుంచి 6:45 వరకు. సోమవారం తరగతులు మొదలవుతాయనగా ముందటి బుధవారం డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ రద్దయింది. సిస్టమ్స్ గ్రూపులో ఖాళీ ఉన్న మరో కోర్సు ఒక్కటే, అడ్వాన్స్‌డ్ ఆపరేటింగ్ సిస్టమ్స్. అదీ మంగళ, గురువారాల్లో సరిగ్గా 5:30కే. రిజిస్ట్రేషన్ వ్యవస్థ సమయం ఢీకొంటోందని చెప్పి దానిని చేర్చనివ్వలేదు.

ఇక్కడ ఆ విద్యార్థి ‘ప్రత్యామ్నాయం దొరకలేదు’ అనే నిర్ధారణకు రావడం సహజం. కానీ ఢీకొంటున్న రెండింటిలో కదలకూడనిది ఒకటే. గ్రూపు కోర్సుకు మరో దారి లేదు, ఎలెక్టివ్‌కు పది దారులు ఉన్నాయి. కాబట్టి సెక్యూరిటీని వదిలి, ఆపరేటింగ్ సిస్టమ్స్‌ను చేర్చుకుని, వేరే సమయంలో ఖాళీ ఉన్న ఏ ఎలెక్టివ్‌నైనా తీసుకుంటే లెక్క సరిపోతుంది. రద్దయిన కోర్సు స్థానాన్ని మాత్రమే మారుస్తూ మిగతా టైంటేబుల్‌ను ముట్టుకోకూడదనుకోవడం వల్లనే చాలా ఢీలు పరిష్కారం లేనివిగా కనిపిస్తాయి. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. కొత్త రెండు కోర్సుల్లోనూ సీటు ఖాళీ ఉందని చూసుకున్నాకే పాతదాన్ని వదలాలి. రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ఒకదాన్ని వదులుతూ మరొకదాన్ని చేర్చుకునే ‘స్వాప్’ వెసులుబాటు ఉంటే దాన్నే వాడాలి, ఎందుకంటే అందులో కొత్త సీటు దొరకకపోతే పాత సీటు పోదు.

అసలు ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా నిండిపోయి ఉంటే? అప్పుడు చూడవలసింది ముందున్న కోర్సులను కాదు, పూర్తయిన కోర్సులను. ఈ విద్యార్థి రెండో సెమిస్టర్‌లో క్లౌడ్ కంప్యూటింగ్ చదివాడనీ, అది సిస్టమ్స్ జాబితాలో ఉన్నా డిగ్రీ ఆడిట్ దాన్ని ఎలెక్టివ్ వరుసలో వేసిందనీ అనుకుందాం. ఆడిట్ సాఫ్ట్‌వేర్ తనకున్న క్రమంలో వరుసలు నింపుకుంటూ పోతుంది, విద్యార్థికి లాభమైన పంపకం కోసం వెతకదు. అడ్వైజర్ క్లౌడ్ కంప్యూటింగ్‌ను సిస్టమ్స్ వరుసకు మారిస్తే, గ్రూపు అవసరం అక్కడికక్కడే తీరిపోతుంది. మిగిలే ఖాళీ ఎలెక్టివ్‌ది, దానికి విభాగంలోని ఏ పీజీ కోర్సైనా సరిపోతుంది. ఒక్క సీటు కోసం వెయిట్‌లిస్టులో నిరీక్షించే ముందు ఈ పునఃపంపకం వీలవుతుందేమో అడగడం పది నిమిషాల పని. అది వీలైన సందర్భాలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

సమయాల ఢీ గురించి కొంత వివరం అవసరం. రెండు తరగతుల మధ్య పది పదిహేను నిమిషాలు మాత్రమే అతివ్యాప్తి ఉంటే, చాలాచోట్ల ఇద్దరు అధ్యాపకుల లిఖితపూర్వక సమ్మతితో రిజిస్ట్రార్ ఆ అడ్డును తొలగిస్తారు. తరగతి రికార్డింగులు అందుబాటులో ఉండటం, ఆ కొద్ది నిమిషాల్లో క్విజ్‌లు లేకపోవడం, ఫైనల్ పరీక్షల సమయాలు కలవకపోవడం అనే మూడింటినీ విద్యార్థి ముందే చూసుకుని చెబితే సమ్మతి త్వరగా వస్తుంది. పూర్తిగా ఒకే సమయంలో ఉన్న రెండు తరగతులకు ఈ దారి పని చేయదు. ఒక్కోసారి అదే కోర్సు మరో విభాగం పేరుతోనో, వేరే నంబరుతోనో ఇంకో సమయంలో నడుస్తుంటుంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, స్టాటిస్టిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ విభాగాల టైంటేబుళ్లు కూడా చూడాలి. అయితే బయటి విభాగం కోర్సు తనంతట తాను డిగ్రీ ప్లాన్‌లో చేరదు. ప్రత్యామ్నాయ పిటిషన్, దానితోపాటు ఆ కోర్సు సిలబస్, అడ్వైజర్ సంతకం, పైన గ్రాడ్యుయేట్ స్కూలు ఆమోదం కావాలి.

తరగతులేవీ కుదరనప్పుడు మిగిలే బలమైన దారి ఇండిపెండెంట్ స్టడీ. ఒక ప్రొఫెసర్ పర్యవేక్షణలో, రాసుకున్న ప్రణాళిక ప్రకారం చదివి, ప్రాజెక్టో నివేదికో సమర్పించి మూడు క్రెడిట్లు పొందే పద్ధతి ఇది. ‘చిన్న తరగతి’ లెక్క సాధారణ తరగతులకే వర్తిస్తుంది కాబట్టి ఒక్కరే చేరినా దీనికి రద్దు భయం లేదు. దీన్ని అడగడానికి అందరికంటే తగిన వ్యక్తి రద్దయిన కోర్సును చెప్పవలసిన ప్రొఫెసరే, ఎందుకంటే ఆయన దగ్గర సిలబస్, అసైన్‌మెంట్లు సిద్ధంగా ఉంటాయి. అయితే అదనపు జీతం లేకుండా ఆయన తీసుకునే భారం ఇది. అందుకే ‘సర్, నా పట్టా ఆగిపోతుంది’ అని మాత్రమే రాసిన మెయిల్‌కంటే, వారానికి ఏ అధ్యాయాలు చదువుతారో, ఏ రెండు మూడు పనులు సమర్పిస్తారో, ఎన్నిసార్లు కలుస్తారో ఒక పేజీలో రాసి పంపిన మెయిల్‌కు ఒప్పుకోలు దొరికే అవకాశం ఎక్కువ. దీనికి పరిమితులూ ఉన్నాయి. డిగ్రీ మొత్తంలో ఇండిపెండెంట్ స్టడీ కింద ఇన్ని క్రెడిట్లకు మించి లెక్కించరాదని ప్రతి విభాగానికీ ఒక గరిష్ఠం ఉంటుంది. చాలా విభాగాలు దీన్ని ఎలెక్టివ్‌గానే లెక్కిస్తాయి తప్ప కోర్ వరుసలోకి రానివ్వవు. పైన చెప్పిన పునఃపంపకం అవసరం మళ్లీ ఇక్కడ వస్తుంది.

మరో విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు చదివి క్రెడిట్లు తెచ్చుకోవడం కూడా కాగితం మీద వీలే. ఎఫ్-1 నిబంధనలు ఒకేసారి రెండు గుర్తింపు పొందిన సంస్థల్లో నమోదు కావడాన్ని అనుమతిస్తాయి, రెండింటి క్రెడిట్లు కలిపి పూర్తికాల చదువుకు సరిపోతే చాలు, పట్టా ఇచ్చే సంస్థే విద్యార్థి హోదాకు ఆధారమైన ఐ-20 పత్రం ఇస్తుంది. కానీ పట్టా పొందే సెమిస్టర్‌లోనే ఈ దారి పట్టడం ప్రమాదకరం. అక్కడ ప్రవేశం దొరకాలి, గ్రేడ్ కనీసం బి రావాలి, ట్రాన్స్‌క్రిప్టు ఇక్కడి గడువులోగా చేరాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పట్టా తరువాతి సెమిస్టర్‌కు జరుగుతుంది.

ఇప్పుడు అమెరికా పౌరులకు లేని, మనవాళ్ల వంటి విదేశీ విద్యార్థులకు మాత్రమే ఉన్న చిక్కుకు వద్దాం. ఎఫ్-1 విద్యార్థి ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పూర్తికాల చదువులో ఉండాలి. పీజీలో అది చాలా సంస్థల్లో తొమ్మిది క్రెడిట్లు. పై ఉదాహరణలోని విద్యార్థి ఆరు క్రెడిట్లతోనే ఉండగలగడానికి కారణం, అది అతని చివరి సెమిస్టర్ కావడం. చివరి సెమిస్టర్‌లో డిగ్రీకి మిగిలినన్ని కోర్సులే తీసుకోవడానికి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధికారి, అంటే డీఎస్ఓ, ముందుగా అనుమతి ఇస్తారు. కోర్సు రద్దయి, ప్రత్యామ్నాయం చేర్చుకోకుండా, ‘ఈ మూడు క్రెడిట్లు చదివేసి మిగతా మూడు సమ్మర్‌లో చూసుకుందాం’ అని ఆ విద్యార్థి అనుకున్నాడనుకుందాం. ఆ క్షణం నుంచి స్ప్రింగ్ అతని చివరి సెమిస్టర్ కాదు. చివరిది కానప్పుడు అనుమతికి ఆధారం లేదు, ఆధారం లేనప్పుడు అతను తొమ్మిది క్రెడిట్లు చదవవలసిన సెమిస్టర్‌లో మూడింటితో కూర్చున్నట్టు. ఇది హోదా ఉల్లంఘన. కోర్సును రద్దు చేసింది విశ్వవిద్యాలయమే అయినా నిబంధనల్లో దానికి మినహాయింపు లేదు. క్రెడిట్లు తగ్గించుకోవడానికి ఒప్పుకునే విద్యాపరమైన కారణాలు, అంటే ఇంగ్లీషులో తొలి ఇబ్బంది, బోధనా పద్ధతి కొత్తదనం, తగని స్థాయి కోర్సులో పడటం వంటివి, ఇక్కడ వర్తించవు. రద్దు జరిగిన రోజున వ్యవస్థ విద్యార్థి క్రెడిట్లను తనంతట తాను తగ్గించేస్తుంది. దాని పర్యవసానాన్ని గమనించవలసిన బాధ్యత మాత్రం విద్యార్థిదే.

ఆన్‌లైన్ కోర్సులది ఇంకో మెలిక. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాల లెక్కలో సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు, మాత్రమే కలుపుకోవచ్చు. చివరి సెమిస్టర్‌లో రెండు కోర్సులు మిగిలినవారు ఒకటి తరగతి గదిలో, ఒకటి ఆన్‌లైన్‌లో చదివితే ఇబ్బంది లేదు. కానీ డిగ్రీకి ఒక్క కోర్సే మిగిలి ఉంటే అది పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు కాకూడదు. 30 క్రెడిట్ల డిగ్రీలో మూడు సెమిస్టర్లు తొమ్మిదేసి చదివినవారికి చివర మిగిలేది సరిగ్గా ఒక్క కోర్సే. అది రద్దయినప్పుడు చివరి నిమిషంలో ఖాళీగా కనిపించేవి ఎక్కువగా ఆన్‌లైన్ సెక్షన్లే. వాటిలో చేరడానికి రిజిస్ట్రేషన్ వ్యవస్థ ఏ అడ్డూ చెప్పదు, డిగ్రీ ఆడిట్ కూడా పచ్చగానే చూపిస్తుంది, ఎందుకంటే అవి రెండూ వీసా సంగతి చూడవు. ప్రతి కోర్సు పక్కన ఉండే బోధనా విధానం గుర్తును చూసి, అర్థం కాకపోతే డీఎస్ఓను అడిగి, కొంతైనా తరగతి గదిలో హాజరు అవసరమైనదాన్నే ఎంచుకోవాలి. ఇండిపెండెంట్ స్టడీని కూడా నేరుగా కలిసి చేసేదిగానే నమోదు చేయించుకోవాలి.

ఇవన్నీ జరగవలసిన కాలం చాలా చిన్నది. కోర్సు చేర్చుకునే గడువు సాధారణంగా తరగతులు మొదలైన మొదటి వారంలోనే ముగుస్తుంది. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పన్నెండో తరగతి రోజు అధికారిక లెక్కల రోజు, ఆ తరువాత పూర్తి సెమిస్టర్ కోర్సును కొత్తగా చేర్చుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల రద్దు మెయిల్ వచ్చిన రోజే అడ్వైజర్‌కు రాయాలి. అందులో విద్యార్థి నంబరు, పట్టా పొందే సెమిస్టర్, రద్దయిన కోర్సు సంఖ్య, ఏ వరుస ఖాళీ అయిందన్నది, మొదటి కోరిక, అది కుదరకపోతే రెండో కోరిక, కోర్సు చేర్చుకునే చివరి తేదీ ఉంటే చాలు. ‘క్లౌడ్ కంప్యూటింగ్‌ను సిస్టమ్స్ వరుసకు మార్చగలరా, లేకపోతే జతచేసిన సిలబస్ ప్రకారం ఎలక్ట్రికల్ విభాగం కోర్సును బదులుగా ఒప్పుకోగలరా’ అని అడిగితే అడ్వైజర్ అవునో కాదో అని వెంటనే చెప్పగలరు. ‘ఏం చేయాలి’ అని అడిగితే సమాధానం మరుసటి వారానికి పోతుంది.

జవాబు నోటిమాటగా వస్తే సరిపోదు. ఫోన్‌లోనో గదిలోనో ‘సరే తీసుకో’ అన్న మాట విని కోర్సు చదివి, పాసై, సెమిస్టర్ చివర పట్టా తనిఖీలో ఆ కోర్సు డిగ్రీ ప్లాన్‌లో లేదని ఆగిపోయే కేసులు వస్తాయి. తొలి వారాల్లోనే పెట్టవలసిన పట్టా దరఖాస్తులో పాత డిగ్రీ ప్లాన్ ఉండిపోవడం దీనికి మామూలు కారణం. పిటిషన్ ఆమోదమైందో లేదో తెలుసుకోవడానికి ఒక్కటే నమ్మదగిన గుర్తు. డిగ్రీ ఆడిట్‌లో కొత్త కోర్సు సరైన వరుసలో, ‘చదువుతున్నది’ అని కనిపించాలి. నెల గడిచినా అలా కనిపించకపోతే మళ్లీ అడగాలి.

గడువు దాటిపోయాక రద్దు జరిగితే, సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే ఎనిమిది వారాల కోర్సులు ఇంకా మిగిలి ఉంటాయి. వాటికి వేరే గడువు ఉంటుంది, అవి కూడా అదే సెమిస్టర్ క్రెడిట్లుగానే లెక్కకు వస్తాయి. సగం కాలంలో మొత్తం సిలబస్ పూర్తి చేయవలసిన ఒత్తిడి మాత్రం నిజమైనదే.

ఏదీ కుదరక చదువు సమ్మర్‌కు జరగక తప్పకపోతే, స్ప్రింగ్‌లో తొమ్మిది క్రెడిట్లు నింపుకోవడం మొదటి పని. వాటిలో ఒకటి రెండు డిగ్రీకి అక్కరలేనివైనా సరే, చదువుతున్న స్థాయికి తగినవేనా అని డీఎస్ఓతో చూసుకోవాలి. ఐ-20 మీద ఉన్న ముగింపు తేదీకి ముందే పొడిగింపు కోరాలి, ఆ తేదీ దాటాక పొడిగింపు ఉండదు. విద్యార్థి ప్రమేయం లేకుండా అవసరమైన కోర్సు రద్దు కావడం పొడిగింపుకు చూపించదగిన విద్యాపరమైన కారణమే. అందుకు రద్దు మెయిల్, అడ్వైజర్ లేఖ భద్రపరచుకోవాలి. ఓపీటీ దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు కనుక, రద్దు జరిగేసరికి అది ఇంకా పెట్టకపోతే కొత్త ముగింపు తేదీ ఖరారయ్యేవరకు ఆపాలి. అప్పటికే పెట్టి ఉంటే, ఇంకే మార్పూ చేయకముందే డీఎస్ఓను కలవాలి. ఆ తరువాతే కంపెనీకి కొత్త చేరిక తేదీ రాయాలి.